‘రేపటితో లాస్ట్’ అన్న సారుకి, ఆ లింకు పిన్ చేసిన మాకు

పోస్టు పెద్దది. బస్సులో చదివేవాళ్లు దిగినాక మళ్లీ చదవండి, సగంలో ఆపి కామెంట్ పెట్టొద్దు.

పోయిన ఏడాది ఆగస్టులో మన గ్రూపు పైన ఒక లింకు పిన్ చేసి ఉండేది, గుర్తుందా? ‘డీఎస్సీ మెంబర్‌షిప్, నెలకి 299 మాత్రమే, ఆఫర్ రేపటితో లాస్ట్’. ఆ ‘రేపు’ నాలుగు నెలలు నడిచింది. దాన్ని పిన్ చేసింది ఎవరో బయటోళ్లు కాదు, అడ్మిన్లుగా ఉన్న మేమే. అందుకే ఈ పోస్టు సారు మీద ఎంత కోపంతో రాస్తున్నామో, మా మీద అంతే కోపంతో రాస్తున్నాం.

సారు పేరు రాయం. మన జిల్లాలోనే ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, మానేసి, ఫోన్ పెట్టుకుని డీఎస్సీ క్లాసులు మొదలుపెట్టిన మనిషి. పాఠం బాగా చెప్తాడు. ఇది మొదటే ఒప్పుకుంటున్నాం, ఎందుకంటే కింద కొందరు ‘సారు మంచోడు’ అని రాస్తారు. మంచోడే. మా గొడవ ఆయన మంచితనం గురించి కాదు.

విషయం ఎట్లా బయటపడిందో చెప్తాం. విడవలూరు వైపు మన కాలనీలో ఒక చెల్లెలు ఉంది, డీఎడ్ చేసింది. వాళ్ల నాన్న రొయ్యల గుంటల మీద కాపలా. మొన్న సెప్టెంబరులో ఆయన పాస్‌బుక్ పట్టుకుని మా దగ్గరికి వచ్చి, “ఏందబ్బయా ఇది, ప్రతి నెలా పన్నెండో తేదీ మూడు నూర్లు యాడికో పోతా ఉండాది, నేను ఎవురికీ ఈలేదే” అన్నాడు. చూస్తే 2024 ఆగస్టు నుంచి 2025 ఆగస్టు దాకా పదమూడు సార్లు 299. మొత్తం 3,887 రూపాయలు. పరీక్షలు జులై 2తో అయిపోయాయి. ఆ తర్వాత కూడా రెండు నెలలు కోసుకున్నారు. చెల్లెల్ని అడిగితే “నేను ఆ టెలిగ్రామ్ గ్రూపులోంచి వచ్చేశాను కదన్నా, యాప్ కూడా తీసేశాను” అంటుంది. ఆమె తప్పు లేదు, మనలో చాలామంది అదే అనుకుంటారు. గ్రూపులోంచి బయటికి వస్తే డబ్బు కోత ఆగదు. యాప్ తీసేసినా ఆగదు. మొదటి నెల డబ్బు కట్టేటప్పుడు ఆమె పిన్ కొట్టింది ఒక నెలకి కాదు, ప్రతి నెలా తీసుకోమని ఇచ్చిన అనుమతికి. దాన్ని యూపీఐ ఆటోపే అంటారు. అది బ్యాంకు దగ్గర ఉంటుంది, సారు గ్రూపులో ఉండదు. రద్దు చెయ్యాలంటే మీరు డబ్బు పంపే యాప్ తెరిచి, మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Autopay అన్న చోటికి వెళ్లి, అక్కడ ఆ పేరు వెతికి ఆపాలి. డబ్బు కోసే ముందు రోజు ఒక మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది. వచ్చింది కూడా. నాన్న ఫోన్‌కి, ఇంగ్లీషులో వచ్చింది. గుంట గట్టు మీద ఆయన దాన్ని ఎట్లా చదువుతాడు?

ఇది చెప్తే ఒక అడ్మిన్ అన్న, “299కి ఇంత గోల ఎందుకు, డిగ్రీ పిల్లలు రీఛార్జికి పెడతారు అంత” అన్నాడు. సరే. డబ్బు సంగతి పక్కన పెడదాం. ఆ పదకొండు నెలల్లో ఆమె ఏం నేర్చుకుంది, సారు ఏం చేస్తూ ఉన్నాడు, ఆ రెండూ చూద్దాం. అసలు కథ అక్కడ ఉంది.

సారు దగ్గరికి మనం ఎట్లా పోతామో ఒకసారి వెనక్కి నడిచి చూసుకోండి. మొదట ఒక రీల్ వస్తుంది, నలభై సెకన్లు. ‘ఈ ప్రశ్న నూటికి తొంభై మంది తప్పు చేశారు’ అని ఒక బిట్టు. జవాబు చెప్పడు. ‘పీడీఎఫ్ కావాలంటే కామెంట్‌లో YES అని పెట్టండి’ అంటాడు. మనం పెడతాం. వెయ్యి మంది YES పెడితే ఆ రీల్‌కి గిరాకీ ఉందనుకుని యాప్ దాన్ని ఇంకో పదివేల మందికి చూపిస్తుంది. అంటే పీడీఎఫ్ కోసం మనం పెట్టిన ఆ మూడక్షరాలే ఆయనకి ప్రచారం. వెంటనే మెసేజ్‌లో టెలిగ్రామ్ లింకు వస్తుంది. అది సారు చూసి పంపింది కాదు, దానంతట అదే పోయేట్టు పెట్టుకున్నది. టెలిగ్రామ్‌లో రోజూ ఏదో ఒక పీడీఎఫ్ పడుతుంది, మొదటి రెండు చాప్టర్లు, మిగతావి ‘మెంబర్స్‌కి’. ఆదివారం రాత్రి ఉచిత లైవ్. గంటన్నర లైవ్‌లో పాఠం ఇరవై నిమిషాలు ఉంటే ఎక్కువ. మిగతాదంతా మెంబర్‌షిప్ గురించి, పోయినసారి చేరినవాళ్ల వాయిస్ మెసేజ్‌లు, రాత్రి పదకొండుకి లింకు మూసేస్తానని గడియారం. పదకొండున్నరకి కూడా లింకు తెరుచుకునే ఉంటుంది, మేం చూశాం.

ఇంతవరకూ ఇది వ్యాపారం, ఎవరైనా చేస్తారు అనొచ్చు. నిజమే. ఉచితంగా చెప్పి, తర్వాత డబ్బుకి చెప్పడం దానంతట అది తప్పు కాదు. అలఖ్ పాండే 2016లో యూట్యూబ్‌లో ఉచితంగా ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టాడు, 2020లో యాప్ పెట్టి తక్కువ ఫీజుకి కోర్సులు అమ్మాడు, అదే ఫిజిక్స్ వాలా అయింది, ఇప్పుడు షేర్ మార్కెట్‌లో ఉంది. కానీ జనం ఆయన్ని నమ్మింది ఉచిత వీడియోలో పాఠం పూర్తిగా ఉన్నందుకు. మన సారు ఉచిత పాఠం కావాలనే సగంలో తెగుతుంది. ఆ తెగిన చోటే మెంబర్‌షిప్ లింకు ఉంటుంది.

ఒక ఉదాహరణ. ఎస్జీటీకి ప్రిపేర్ అయినవాళ్లందరికీ పియాజే తెలుసు. సారు రీల్‌లో ‘ఇం-పూ-మూ-అ’ అని ఒక ట్రిక్కు ఉంది. ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ. పది సెకన్లలో నాలుగు దశలూ వచ్చేస్తాయి, మనకి పాఠం వచ్చేసిందన్న సంతోషం కలుగుతుంది. కానీ పరీక్షలో దశలు వరసగా చెప్పమని అడగడం తక్కువ. ఒక పిల్లాడి ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోస్తారు, ఒక గ్లాసు నీళ్లు పొడవాటి సన్న గ్లాసులోకి వంపుతారు, పిల్లాడు ‘పొడుగు దాంట్లోనే ఎక్కువ ఉన్నాయి’ అంటాడు, ఆ పిల్లాడు ఏ దశలో ఉన్నాడు, ఇట్లా అడుగుతారు. జవాబు పూర్వ ప్రచాలక దశ, రెండు నుంచి ఏడేళ్ల వయసు. ఎత్తు ఒక్కటే చూస్తాడు, వెడల్పు తగ్గిందని కలిపి ఆలోచించలేడు, తిరిగి వంపితే మళ్లీ అంతే ఉంటాయని తోచదు. ఏడు దాటినాక, మూర్త ప్రచాలక దశలో అది తెలుస్తుంది. ఇది అర్థం కావాలంటే ట్రిక్కు చాలదు, మన ఇంట్లో చిన్నపిల్ల ముందు రెండు గ్లాసులు పెట్టి చూస్తే చాలు. చెల్లెలు ట్రిక్కు పదకొండు నెలలు గుర్తు పెట్టుకుంది, గ్లాసుల బిట్టు తప్పు పెట్టింది. ఆ గ్లాసుల వివరణ మెంబర్స్ వీడియోలో ఉందంట. ఆమె మెంబరే. కానీ ఆ వీడియో దాకా పోలేదు, ఎందుకంటే లోపల నాలుగు వందల వీడియోలు ఉన్నాయి, ఏది ముందు చూడాలో చెప్పే మనిషి లేడు. ఏడు డౌట్లు అడిగింది. రెండింటికి జవాబు వచ్చింది, ఒకటి తొమ్మిది రోజులకి.

డౌట్‌కి తొమ్మిది రోజులు ఎందుకు పట్టింది? సారు బద్ధకస్తుడా? కాదు. రోజుకి నాలుగు రీల్స్ చేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నాడో లెక్క వేసి చూశాం. ‘మన 600 మంది కుటుంబం’ అని ఆయనే చెప్పుకుంటాడు. 600 ఇంటూ 299 అంటే నెలకి 1,79,400. మంచి ఆదాయమే. అయితే నెల నెలా కట్టే గ్రూపులో ప్రతి నెలా కొందరు మానేస్తారు. మాట వరసకి ఆరుగురిలో ఒకరు అనుకుందాం. నెలకి వంద మంది పోతారు. ఆ వంద మందిని మళ్లీ తేకపోతే ఆర్నెల్లలో కుటుంబం కరిగిపోతుంది. టెలిగ్రామ్‌కి వచ్చిన వందలో ఇద్దరు డబ్బు కడతారనుకుంటే, వంద మంది చేరాలంటే అయిదు వేల మంది కొత్తగా టెలిగ్రామ్‌లోకి రావాలి. రీల్ చూసిన వందలో ఒకరు టెలిగ్రామ్‌కి వస్తారనుకుంటే, నెలకి అయిదు లక్షల మంది రీల్స్ చూడాలి. ఈ నిష్పత్తులు మా అంచనా, మీరు మార్చి వేసుకోండి. ఎట్లా వేసినా తేలేది ఒకటే: లోపల ఉన్న 600 మందికి చెప్పడం కంటే బయట ఉన్న లక్షల మందికి కనపడటం మీదే ఆయన బతుకు ఆధారపడి ఉంది. డబ్బు కట్టినాక మనం ఆయన పనిలో లేము. కట్టకముందు ఉన్నాం.

ఇంకో సంగతి. నోటిఫికేషన్ లేని నెలల్లో రీల్‌కి విషయం ఏది? మెగా డీఎస్సీ ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం 2024 జూన్‌లో అయింది. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది, 16,347 పోస్టులతో. మధ్యలో పది నెలలు. ఆ పది నెలలూ సారు చానల్ వెనక్కి జరిపి చూడండి. ‘బిగ్ బ్రేకింగ్’, ‘రేపే నోటిఫికేషన్’, ‘ఈ వారమే’. వచ్చేది వస్తుందని తెలుసు, ఎప్పుడో ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. కానీ ‘రేపే’ అంటే భయపడి చేరతాం. తీరా నోటిఫికేషన్ నిజంగా వచ్చినప్పుడు పరీక్ష జూన్ 6కి మొదలైంది, అంటే ఏడు వారాల లోపే. పది నెలలు పరుగెత్తించి, అసలు పరుగు ఉన్నప్పుడు మనవాళ్లు అలిసిపోయి ఉన్నారు. కావలి దగ్గర ఒక తమ్ముడు ఫిబ్రవరిలోనే పుస్తకాలు మూసి బోటు పనికి పోయాడు, ‘వీళ్లు రోజూ రేపే అంటారు’ అని. ఏప్రిల్‌లో నిజం నోటిఫికేషన్ కూడా ఆయన నమ్మలేదు. దరఖాస్తు గడువు మే 15న అయిపోయింది. అధికారిక వెబ్‌సైటు apdsc.apcfss.in ఒక్కటి చూసుకుంటూ ఉంటే చాలని ఆయనకి చెప్పినవాళ్లు లేరు. మేమూ చెప్పలేదు, మా పిన్‌లో ఉన్నది సారు లింకు.

ఇప్పుడు పోస్టర్ సంగతి. మన గ్రూపులో ఒక అన్నకి ఎస్జీటీ ఉద్యోగం వచ్చింది. గురుకులంలో చదివాడు, ముగ్గురు స్నేహితులతో నెల్లూరులో రూమ్ తీసుకుని స్కూలు పాఠ్యపుస్తకాలు ఆరో తరగతి నుంచి వరసగా చదివాడు. సారు మెంబర్‌షిప్ ఒక్క నెల తీసుకున్నాడు, టెస్టుల కోసం. ఫలితాలు రాగానే సారు ఫోన్ చేసి అభినందించి, ‘ఒక చిన్న వీడియో’ అన్నాడు. అన్న మొహమాటపడ్డాడు, మాట్లాడాడు. మరుసటి రోజు పోస్టర్: ‘యానాది గూడెం నుంచి ప్రభుత్వ టీచర్, మా మెంబర్’. వెనక గుడిసె బొమ్మ. ఆ గుడిసె అన్నది కాదు, ఎక్కడిదో. వాళ్లది కాలనీ ఇల్లు, శ్లాబు. మా కడుపు మండింది ఇక్కడ. మన పేదరికం కూడా సరుకేనా? ఆ పోస్టర్ కింద మనవాళ్లే మూడు వందల మంది గర్వంగా కామెంట్లు పెట్టారు. ఆ వారం మన కాలనీల నుంచి ఎంతమంది చేరి ఉంటారో ఊహించుకోండి.

దీనికి రూలు ఉంది, తెలుసుకోండి. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. యాభై మందికి మించి చెప్పేవాళ్లు వాటి కిందికి వస్తారు. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటో వాడాలంటే, ఫలితం వచ్చిన తర్వాతే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడే సంతకం పెట్టించుకోవడం కుదరదు. ఫొటో పక్కనే వాళ్లు ఏ కోర్సు తీసుకున్నారో, ఎంత కాలమో, డబ్బు కట్టి తీసుకున్నదో కాదో రాయాలి. ‘ఒక నెల టెస్ట్ సిరీస్’ అని ఆ పోస్టర్ మీద రాసి ఉంటే ఎంతమంది చేరేవాళ్లు? లేని తొందర పుట్టించడం, ‘కొన్ని సీట్లే’, ‘ఈ రాత్రే’ అనడం కూడా అందులో తప్పు కిందికే వస్తుంది. ఫిర్యాదుకి 1915 నంబరు, తెలుగులో మాట్లాడొచ్చు.

సారు తరఫున ఒక మాట చెప్పాలి కాబట్టి చెప్తున్నాం. మొదట్లో ఆయన యూట్యూబ్ Join బటన్ మీదే నడిపాడు. అందులో కట్టిన డబ్బులో నూటికి ముప్పై యూట్యూబ్ ఉంచుకుంటుంది. 299లో దాదాపు తొంభై. అందుకే సొంత యాప్‌కి, యూపీఐకి మార్చుకున్నాడు. ఇల్లు గడవాల్సిన మనిషి, తప్పని అనలేం. పాఠం చెప్పినందుకు డబ్బు తీసుకోవడం తప్పని కూడా మేం అనడం లేదు. (ప్రభుత్వ టీచర్లకి మాత్రం విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు ట్యూషన్ నిషేధం. ఈయన ప్రభుత్వ టీచర్ కాదు. రేపు టీచర్లయ్యే మీరు గుర్తుపెట్టుకోండి, ‘నేనూ ఒక చానల్ పెడతా’ అనేవాళ్లు ముఖ్యంగా.) ఉచిత కోచింగ్ సీట్లు తక్కువ, తీరం ఊళ్ల నుంచి నెల్లూరుకి రోజూ వచ్చిపోవడం ఆడపిల్లలకి కుదరని పని. అందుకే ఫోన్‌లో సారు దొరికితే పట్టుకుంటారు. ఆ అవసరం ఆయనకి బాగా తెలుసు. తెలిసే వాడుకున్నాడు, మా కోపం అది.

ఇక మా సంగతి. దాచి లాభం లేదు. మన గ్రూపు లింకు ద్వారా చేరిన ఒక్కొక్కరికి సారు మాకు 50 రూపాయలు ఇచ్చాడు. 29 మంది చేరారు, 1,450 రూపాయలు వచ్చాయి. ‘గ్రూపు ఖర్చులకి’ అనుకున్నాం. ఖర్చు ఏమీ లేదు, ఇద్దరు అడ్మిన్ల రీఛార్జీలకి పోయింది. విడవలూరు చెల్లెలు ఆ 29లో ఒకరు. ఆమె మా మాట మీద చేరింది. సంఘం పేరు మీద నడిచే గ్రూపులో మేం ఏజెంట్లుగా నిలబడ్డాం. ఈ మాట రాయొద్దని ఒక అడ్మిన్ అన్నాడు. రాస్తున్నాం.

పిన్ తీసేశాం. 1,450 మా జేబుల్లోంచి వేసి ఎస్జీటీ పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించాం, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట కాలనీల్లో ఎవరికి కావాలో కామెంట్‌లో ఊరి పేరు రాయండి. YES అని పెట్టొద్దు. ఆ 29 మందీ ఈ రాత్రే మీ Autopay చూసుకోండి, మీ నాన్న ఫోన్‌లో ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఆపడం రాకపోతే మాకు ఫోన్ చేయండి. ఇకమీదట ఎవరి కోర్సు లింకైనా ఈ గ్రూపులో పెట్టాలంటే రెండు విషయాలు ముందు రాయాలి: ఆ లింకు వల్ల పెట్టినవాళ్లకి ఎంత వస్తుందో, డౌట్ అడిగితే ఎన్ని రోజుల్లో చెప్తారో.

సారుకి కూడా రాశాం. జులై, ఆగస్టు కోతలు 598 తిరిగి ఇవ్వమని, గుడిసె పోస్టర్ తీసెయ్యమని అడిగాం. మెసేజ్ చూసినట్టు రెండు టిక్కులు నీలం అయ్యాయి, పన్నెండు రోజులైంది. ఈలోగా కొత్త రీల్స్ నలభై దాటాయి. పోస్టర్‌లో ఉన్న అన్న సోమవారం స్కూలుకి సెలవు పెట్టి వస్తానన్నాడు, ఆయన ముందే స్పీకర్ పెట్టి 1915కి ఫోన్ చేస్తాం.